స్వరాలు ఒకటే, రాగాలు రెండు: ఒక పాశ్చాత్య వయొలినిస్టుతో ఆరభి, దేవగాంధారి

ఈ కేసు ఒక వయొలినిస్టుది. చిన్నప్పటి నుంచి పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో శిక్షణ పొంది, ఆర్కెస్ట్రాలో వాయిస్తున్న ఆమె కర్ణాటక సంగీతం నేర్చుకోవాలని నా దగ్గరికి వచ్చారు. శ్రుతి శుద్ధంగా ఉంటుంది, కాలం జారదు, కాగితం మీద ఏం పెట్టినా చూసిన వెంటనే వాయిస్తారు. ఒక పద్ధతిలో అంతగా ఆరితేరినందువల్లే మరో పద్ధతిలో ఆమెకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఎదురయ్యాయి. అవి సరిగ్గా ఎక్కడ వచ్చాయో చూస్తే రాగానికీ స్కేలుకీ, తాళానికీ మీటరుకీ తేడా ఎక్కడుందో సిద్ధాంత చర్చల్లో కంటే స్పష్టంగా తెలుస్తుంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ముందు ఆమెకు ఏది సులువో చూడాలనుకున్నాను. అందుకు ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నొట్టుస్వర సాహిత్యాలు సరిగ్గా సరిపోతాయి. అవి ఐరోపా బాణీలకు ఆయన సంస్కృతంలో కట్టిన చిన్న కీర్తనలు. ‘సంతతం పాహి మాం’ బ్రిటిష్ జాతీయ గీతం బాణీలోనే ఉంటుంది. ఇవన్నీ 29వ మేళమైన ధీరశంకరాభరణం స్వరాల్లో, అంటే పాశ్చాత్యుల మేజర్ స్కేలులో నడుస్తాయి. ఆమె మొదటిసారే తప్పు లేకుండా వాయించారు. ఆ స్వరాలతోనే శంకరాభరణ రాగం ఆలాపన వినిపిస్తే మాత్రం, “ఇది అదే స్కేలంటే నమ్మలేకపోతున్నాను” అన్నారు. నొట్టుస్వరంలో స్వరాలు ఒక్కొక్కటీ విడిగా, నిటారుగా నిలబడతాయి. ఆలాపనలో ఒక స్వరం పక్క స్వరాన్ని తాకకుండా నిలబడే చోట్లు తక్కువ. ఇద్దరం పని చేయవలసిన చోటు ఇదేనని అప్పుడే తేలింది.

ఆరభి: నిషాదం ఎక్కకూడదు

మొదటి రాగంగా ఆరభిని ఎంచుకున్నాను. ఘనరాగ పంచకంలో ఒకటి. నడక చురుకుగా ఉంటుంది, పెద్ద పెద్ద కంపితాలు ఉండవు. పాశ్చాత్య పద్ధతి నుంచి వచ్చినవారికి దగ్గరగా అనిపిస్తుంది. ఆరోహణ స రి మ ప ధ స, అవరోహణ స ని ధ ప మ గ రి స. అంటే ఎక్కేటప్పుడు ఐదు స్వరాలు, దిగేటప్పుడు ఏడు. అన్నీ మేజర్ స్కేలు స్వరాలే.

ఎక్కడం ఒకలా, దిగడం ఒకలా ఉండడం ఆమెకు కొత్త కాదు. పాశ్చాత్య సంగీతంలో మెలాడిక్ మైనర్ స్కేలు కూడా అలాగే ఉంటుంది. కాబట్టి ఆరోహణ అవరోహణలను గుర్తుపెట్టుకోవడంలో ఇబ్బంది లేదు. ఇబ్బంది రెండు స్వరాల దగ్గర వచ్చింది.

ఒకటి నిషాదం. మేజర్ స్కేలులో ఏడో స్వరాన్ని లీడింగ్ టోన్ అంటారు. అది పై షడ్జమం వైపు లాగుతుంది. పాశ్చాత్య సంగీతంలో కార్డుల, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపుల, నడక అంతా ఆ లాగుడు మీద ఆధారపడి ఉంటుంది. ముగింపు వినిపించాలంటే ఏడో స్వరం పైకి వెళ్లి షడ్జమంలో కలవాలి. ఆమె చేతిలో ఈ అలవాటు ఎంత బలంగా ఉందంటే, ‘స ని ధ’ అని దిగే చోట కూడా నిషాదాన్ని కొంచెం ఎక్కువసేపు ఆపి, మళ్లీ షడ్జమాన్ని తాకి, అప్పుడు ధైవతానికి వచ్చేవారు. కాగితం మీద అది చిన్న అలంకారం. ఆరభిలో మాత్రం ‘ని స’ అనే కదలిక వినిపించగానే రాగం పక్కకు పోతుంది. ఆరభి నిషాదం షడ్జమానికి అంటుకుని ఉండి, క్షణంలో ధైవతంలోకి జారిపోవాలి. తనంతట తాను నిలబడకూడదు.

రెండోది గాంధారం. అది కూడా మధ్యమానికి అంటుకునే ఉంటుంది. ‘మ గ రి’ అన్నప్పుడు మధ్యమం నుంచి రిషభానికి దిగుతూ దారిలో తాకి వదిలేసే స్వరం. ఆమె రెండో వేలిని తంతి మీద గట్టిగా ఆనించి, పాశ్చాత్య పద్ధతిలో చిన్న వైబ్రాటో కూడా ఇచ్చేవారు. శ్రుతి పరంగా స్వరం ఉండాల్సిన చోటే ఉంది. రాగం పరంగా అక్కడ అంత గాంధారం ఉండకూడదు. ట్యూనర్ పెట్టి చూస్తే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. స్వరం ఎత్తు సరిగానే ఉంది, దాని ప్రవర్తన సరిగా లేదు.

దీన్ని సరిచేయడానికి ముందుగా వాయిద్యం శ్రుతి మార్చాం. పాశ్చాత్య వయొలిన్‌లో నాలుగు తంతులూ ఒకదానికొకటి పంచమం దూరంలో ఉంటాయి. మనం కింది నుంచి స ప స ప గా కట్టుకుంటాం. తంబురా మోగుతుండగా నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయించడం మొదలుపెట్టారు. భంగిమ మారితే చేయి మారుతుంది. గడ్డం కింద వాయిద్యాన్ని పట్టుకోవలసిన పని లేకపోవడంతో ఎడమ చేయి తంతి మీద స్వేచ్ఛగా జారగలదు. తర్వాత మధ్యస్థాయి షడ్జమ తంతి మీద ‘మ గ రి’ ని మూడు వేళ్లతో కాకుండా ఒకే వేలిని జార్చి వాయించమన్నాను. వేలు ఆగకుండా దిగితే గాంధారం దానంతటదే చిన్నదవుతుంది. మూడు వేళ్ల అలవాటును మాటలతో మాన్పించడం కంటే ఇది త్వరగా పని చేసింది.

ప్రతి పలుకునూ వాయించే ముందు పాడించాను కూడా. గొంతులో వచ్చింది చేతిలోకి దిగుతుంది. కాగితం నుంచి నేరుగా చేతిలోకి వచ్చింది కాగితంలాగే ఉంటుంది. స్టాఫ్ స్వరలిపి పూర్తిగా పక్కన పెట్టేశాం. రి రి మ మ ప ప వంటి జంట స్వరాలు, ధ ప మ గ రి వంటి దిగుడు పలుకులు ఒక్కొక్కటిగా, విడదీయరాని ముక్కలుగా నేర్పాను. ఆరభిని స్వరాల వరుసగా నేర్చుకుంటే ఏ పలుకు చెల్లుతుందో ప్రతిసారీ ఆలోచించుకోవాలి. పలుకులుగా నేర్చుకుంటే చెల్లనిది చేతికి రాదు.

దేవగాంధారి: వేగం కూడా రాగంలో భాగమే

ఆరభి కుదిరాక దేవగాంధారి మొదలుపెట్టాను. దీని ఆరోహణ స రి మ ప ధ స, అవరోహణ స ని ధ ప మ గ రి స. అక్షరం తేడా లేదు. ఆమె తన నోటు పుస్తకంలో పాత పేజీ తిప్పి చూసి అడిగారు:

“మాస్టారూ, ఇది ఆరభే కదా?”

“రాసుకున్నది అదే. ఇప్పుడు వినండి,” అని త్యాగరాజస్వామి ‘క్షీరసాగర శయన’ పల్లవి నెమ్మదిగా పాడాను. తర్వాత ఆరభి పంచరత్నం ‘సాధించెనే’ ఎత్తుకున్నాను. రెండో పంక్తికి రాకముందే ఆమె తల ఊపారు.

ఏం విన్నారో చెప్పమంటే, మొదట లయ వేరు అన్నారు. సగం నిజం. దేవగాంధారి చౌకకాలపు రాగం. ఆరభిలో తాకి వదిలేసిన గాంధారం ఇక్కడ సాగుతుంది, ఊగుతుంది. నిషాదానికి కూడా నిలబడే వ్యవధి దొరుకుతుంది. కొందరి బాణీలో కైశికి నిషాదం ఛాయ కూడా వినిపిస్తుంది, అది అసలు మేజర్ స్కేలులోనే లేని స్వరం. రిషభం మీద నిలిచినప్పుడు కూడా దానికి ఊగే ప్రాణం ఉంటుంది. అదే గాంధారం ఒక రాగంలో నీడ, ఇంకో రాగంలో మనిషి.

స్కేలుకు వేగం ఉండదు. సి మేజర్ నెమ్మదిగా వాయించినా పరుగెత్తించినా సి మేజరే. ఒక స్కేలు ఏ స్వరాలు ఉన్నాయో, వాటిలో ఏది ఇల్లో చెబుతుంది. మిగతాది స్వరకర్త చేతిలో, కార్డుల చేతిలో ఉంటుంది. రాగం మాత్రం ఏ స్వరం ఎంతసేపు నిలవాలి, ఏది దేన్ని తాకి రావాలి, ఏ నడకలో బతుకుతుంది అన్నవి కూడా నిర్ణయిస్తుంది. దేవగాంధారిని పరుగెత్తిస్తే గాంధారానికి ఊగే సమయం ఉండదు. చిన్నదవుతుంది, మధ్యమానికి అంటుకుంటుంది. విన్నవాళ్లు ఆరభి అంటారు. వాయించేవాళ్లు ఒక్క స్వరం కూడా మార్చకుండానే రాగం మారిపోతుంది.

ఆమె విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. నెమ్మదిగా ఉన్నంతసేపు దేవగాంధారి బాగానే ఉండేది. ఆలాపనలో ఒక వేగపు సంచారం వేయగానే, అందులో దిగుడు పలుకులన్నీ ఆరభి నుంచి నేర్చుకున్నవే వచ్చేవి. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఆమె వాయించింది రికార్డు చేసి, రాగం పేరు చెప్పకుండా మధ్యలో నుంచి ఒక ముక్క వేరే శిష్యులకు వినిపించేవాడిని. చౌకకాలపు ముక్కలకు అందరూ దేవగాంధారి అనేవారు. వేగంగా నడిచిన ముక్కలకు ఆరభి అనేవారు. ఏ ముక్కలో పేరు మారిందో అక్కడే గాంధారం పొట్టిదైపోయి ఉండేది. ఆ రికార్డులు ఆమె కూడా విన్నారు. తన చెవితో తానే పట్టుకున్నాక నేను చెప్పవలసిన అవసరం తగ్గింది.

ఆది తాళం: దెబ్బ పడిన చోట బరువు పడక్కరలేదు

రాగంతో పోలిస్తే తాళం సులువుగా వస్తుందని ఆమె అనుకున్నారు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు. లఘువుకు నాలుగు, అంటే ఒక దెబ్బ, మూడు వేళ్లు. తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒకసారి చేయి తిప్పడం. మొత్తం 4+2+2. కాగితం మీద ఇది 4/4 మీటరులో రెండు బార్లకు సమానంగా కనిపిస్తుంది.

కనిపించడం వరకే. 4/4 లో బీట్లకు హోదాలు ఉంటాయి. మొదటిది బలమైనది, మూడోది దానికంటే కొంచెం తక్కువ, రెండు, నాలుగు బలహీనం. బార్ గీత చూడగానే చేతికి ఎక్కడ ఒత్తాలో తెలిసిపోతుంది. స్వరకర్త ఆ ఒత్తుకు ఎదురు నడవాలనుకుంటే దాన్ని సింకోపేషన్ అంటారు. ఒత్తు ఉందని అందరికీ తెలుసు కాబట్టే ఎదురు నడవడానికి అర్థం ఉంటుంది. ఆది తాళంలో దెబ్బలు 1, 5, 7 అక్షరాల మీద పడతాయి. ఆ దెబ్బలు మనం తాళంలో ఎక్కడున్నామో చెప్పే గుర్తులు. అక్కడ స్వరాన్ని ఒత్తమని అవి చెప్పవు. సంగీతం బరువు సాహిత్యం ఎత్తుగడలో ఉంటుంది, పలుకు మొదట్లో ఉంటుంది, లెక్క వచ్చి చేరే చోట ఉంటుంది. ఆమె మాత్రం ప్రతి దెబ్బ మీద కమాను ఒత్తేవారు. చూడడానికి తప్పులేదు, వినడానికి మాత్రం కీర్తన కవాతు చేసినట్టుండేది.

ఈ చిక్కు పూర్తిగా బయటపడింది అనాగత గ్రహంతో, అంటే తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడంతో. త్యాగరాజ కీర్తనల్లో తాళం మొదలయ్యే చోటైన సమం మీద కాకుండా ఒకటిన్నర అక్షరం గడిచాక మొదలయ్యేవి చాలా ఉన్నాయి. సాధన కోసం ఆరభిలో అలాంటి ఎత్తుగడతో ఒక పల్లవి పంక్తి కట్టి, దానికి ఒక చిన్న కోర్వై, అంటే ఒక పలుకును మూడుసార్లు వేసి ఎత్తుగడకు చేరే లెక్క, ఇచ్చాను. ఒక్కో అక్షరానికి నాలుగు మాత్రలు అనుకుంటే తాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, 32 మాత్రలు. ఎత్తుగడ ఆరు మాత్రలు వదిలి ఏడో మాత్ర మీద పడుతుంది.

కోర్వైలో పలుకు ఇది: ధ ప మ గ రి, ప మ గ రి స. ఐదు, ఐదు, మొత్తం పది మాత్రలు. జతిలో, అంటే లయను పలికే అక్షరాల్లో, చెబితే ‘తధిగిణతోం’ రెండుసార్లు. దీన్ని మూడుసార్లు వేసి, మధ్యలో ఒక్కో మాత్ర కార్వై, అంటే విరామం, ఉంచితే 10+1+10+1+10, సరిగ్గా 32. ఎత్తుగడ నుంచి మొదలుపెట్టి మళ్లీ ఎత్తుగడకే చేరుతుంది.

పాశ్చాత్య స్వరలిపిలో దీన్ని రాయాలంటే రెండు దారులున్నాయి. 5/16 బార్లుగా పెట్టి మధ్యలో 1/16 అతికించడం ఒకటి. 4/4 లోనే ఉంచి బార్ గీతల మీదుగా వంతెనలు కట్టడం రెండోది. మొదటిదాంట్లో మీటరే మారిపోతుంది, తాళం మాయమవుతుంది. రెండోదాంట్లో తాళం ఉంటుంది గాని ఐదు ఐదుగా నడిచే పలుకు ముక్కలవుతుంది. మన పద్ధతిలో ఈ రెండూ ఒకేసారి ఉండాలి. చేయి ఎనిమిది అక్షరాలు మారకుండా వేస్తూ ఉంటుంది, నోరు ఐదులు చెబుతూ ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి కదిలించకుండా సాగి ఒక చోట కలవాలి.

ఆమె వాయించినప్పుడు మూడు చోట్ల కూలింది. ఆ మూడు చోట్లూ లెక్కలో స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి పలుకు 7 నుంచి 16 వరకు. తర్వాతి కార్వై 17వ మాత్ర, అది సరిగ్గా ఐదో అక్షరం, మొదటి ద్రుతం దెబ్బ. చేయి పడుతుంది, సంగీతం అక్కడ కొత్తగా ఏమీ చెప్పదు. ఆమె కమాను మాత్రం అక్కడ షడ్జమాన్ని మళ్లీ కొట్టేది.

రెండో పలుకు 18 నుంచి 27 వరకు. అందులో 25వ మాత్ర ఏడో అక్షరం, రెండో ద్రుతం దెబ్బ. ఆ మాత్ర మీద వచ్చే స్వరం ఏమిటి? 18 ధ, 19 ప, 20 మ, 21 గ, 22 రి, 23 ప, 24 మ, 25 గ. గాంధారం. ఆరభిలో తాకి వదిలేయవలసిన గాంధారం. ఆమె దెబ్బతో పాటు కమాను ఒత్తగానే ఆ గాంధారం లేచి నిలబడింది, అంతవరకు కష్టపడి సాధించిన ఆరభి ఆ ఒక్క మాత్రలో జారిపోయింది. తాళాన్ని మీటరుగా వింటే రాగం కూడా చెడుతుందని అంతకుముందు నాకు తెలుసు. ఇంత సూటిగా ఒక్క స్వరంలో కనిపించడం మాత్రం ఇక్కడే చూశాను.

మూడో పలుకు 29 మీద, అంటే తాళం చివరి అక్షరంలో చేయి తిప్పే చోట మొదలవుతుంది. దాని ఐదో స్వరం రిషభం 33వ మాత్ర మీద, కొత్త ఆవర్తనం సమం మీద పడుతుంది. జతిలో చెబితే మొదటి ‘తోం’ అక్కడే. పాశ్చాత్య చెవికి ఇది బార్ మొదటి బీటు, ఐదు స్వరాల ముగింపు, రెండూ ఒకే చోట. అంతా చేరిపోయిందనిపిస్తుంది. ఆమె ప్రతిసారీ అక్కడ ఊపిరి తీసుకునేవారు. ఇంకా ఐదు మాత్రలు, ప మ గ రి స, మిగిలే ఉంటాయి. అవి అయ్యాక ఏడో మాత్ర మీద సాహిత్యం రావాలి. అక్కడ ఆగడంతో ఎత్తుగడకు ఆలస్యంగా చేరేవారు, తర్వాతి ఆవర్తనమంతా తారుమారయ్యేది.

సరిచేసే పని ఇలా చేశాం. వయొలిన్ పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ నోటితో జతులు మాత్రమే చెప్పించాను. దెబ్బ మీద గొంతు పెంచకూడదు, పలుకు మొదటి అక్షరం మీద మాత్రం కొంచెం తేట రావాలి. ఇది కుదిరాక అదే చేత్తో స్వరాలు పాడించాను. ఆ తర్వాతే వయొలిన్. వాయించేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి తాళం నేను వేశాను. కమాను నడకను బీట్ల ప్రకారం కాకుండా పలుకు ప్రకారం మార్చాం. ఐదు స్వరాలకు ఒక కమాను, తర్వాతి ఐదుకు ఇంకొకటి, లోపల ఎక్కడా ఒత్తు లేకుండా. 17వ మాత్ర మీద కమాను తంతి మీదే ఆగి ఉంటుంది, కదలదు.

మెట్రోనోమ్‌తో సాధన చేస్తానని ఆమె అడిగారు. వద్దనలేదు. కానీ అది ఒకేలాంటి చప్పుళ్ల వరుస మాత్రమే ఇస్తుంది. లఘువు ఎక్కడ ముగిసి ద్రుతం ఎక్కడ మొదలైందో అందులో ఉండదు. తాళం చేతిలో ఉండాలి. చేయి వేయడం కుదరనప్పుడు లోపల ఉండాలి. అది ఉందో లేదో తెలుసుకోవడానికి నేను తాళం మధ్యలో ఆపేసి, ఒక ఆవర్తనం తర్వాత మళ్లీ వేసి చూసేవాడిని. సమం దగ్గర ఇద్దరం కలిస్తే ఉన్నట్టు.

ఇప్పుడు ఎంతవరకు వచ్చింది

ఆరభిలో ఆ కోర్వై ఇప్పుడు స్థిరంగా వస్తోంది. 25వ మాత్ర గాంధారం దెబ్బ కింద ఉన్నా లేవడం లేదు. కల్పనస్వరాల్లో సొంతంగా వేసేటప్పుడు మాత్రం, వేగం పెరిగితే సమం మీద ఒత్తు తిరిగి వస్తుంది. మృదంగం తోడుంటే తగ్గుతుంది. మృదంగం పలుకు మొదళ్లను పట్టుకుని నడిపించడమే దానికి కారణం.

ఆర్కెస్ట్రాలో ఆమె వాయించే సంగీతానికి ఈ అలవాట్లేవీ అడ్డు రావడం లేదని చెప్పారు. శ్రుతి మార్చి, కింద కూర్చోగానే చేయి మారుతుందట. నేల మీద కూర్చోవడం ఇందుకు ఇంత ఉపయోగపడుతుందని నేను ముందు ఊహించలేదు. ఇలాంటి శిష్యులెవరు వచ్చినా ఇకపై మొదటి పాఠం నుంచే భంగిమ మార్పిస్తాను.

దేవగాంధారిలో ఇంకా పని ఉంది. ‘క్షీరసాగర శయన’ చౌకకాలంలో నిలకడగా వాయిస్తున్నారు. ఆలాపనలో వేగపు సంచారాలు ప్రస్తుతానికి ఆపేశాం. నెమ్మదిగా నడిచే పలుకుల్లోనే గాంధారం తన పొడవును తానే వెతుక్కునేదాకా ఆపాలనుకుంటున్నాం. అది కుదిరాక మొదట రెండో కాలంలో చిన్న దిగుడు పలుకు ఒక్కటే చేర్చి, పేరు చెప్పకుండా మళ్లీ అదే శిష్యులకు వినిపిస్తాను.